నోరు ఏ వేళకు చేదెక్కుతోంది?

సమస్య

చిలకలూరిపేట దగ్గరి ఓ పల్లె నుంచి ఒక కోడలు తన అత్తగారి గురించి ఉత్తరం రాసింది. అత్తగారికి యాభై దాటాయి, మిరప కోతలకు కూలికి వెళ్తుంది. షుగరుకు ఏడాదిగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. కడుపులో మంట ఎక్కువైతే ఎండోస్కోపీ చేశారు. హెచ్.పైలోరి అనే క్రిమి ఉందని చెప్పి 14 రోజులకు మందులిచ్చారు. రెండోరోజుకే నోట్లో రాగి బిళ్ల చప్పరిస్తున్నట్టు చేదు మొదలైంది. నీళ్లు తాగినా, పచ్చడి మెతుకు తిన్నా పోలేదు. "ఈ మందు నాకు పడలేదే" అంటూ ఆరోరోజున ఆమె అన్నీ మానేసింది. చేదు చాలావరకు తగ్గింది గానీ తెల్లారి లేవగానే మాత్రం పులిత్రేన్పులతో కలిసి మళ్లీ వస్తోంది. లివరు చెడిందేమోనని ఇంట్లోవాళ్ల భయం.

సలహా

ఈ ఉత్తరంలో రెండు చేదులున్నాయి. ఒకటి మందు మొదలుపెట్టాక రోజంతా ఉండి, మానగానే పోయింది. రెండోది నిద్ర లేచే వేళకే వస్తోంది. అవి వచ్చే వేళలు వేరు, కారణాలూ వేరే.

హెచ్.పైలోరికి ఇచ్చే మందుల్లో సాధారణంగా ఒకటి ఆమ్లాన్ని తగ్గిస్తుంది, మిగతావి యాంటీబయాటిక్‌లు. వాటిలో క్లారిత్రోమైసిన్ ఉంటే నోరు చేదెక్కడం మామూలే. బిళ్ల నాలుకకు తగలడం ఒక్కటే దీనికి కారణం కాదు. మింగిన మందు పేగులో ఇంకి రక్తంలో కలుస్తుంది. అక్కడినుంచి కొంత లాలాజలంలోకి ఊరుతుంది. అందుకే పుక్కిలించి ఉమ్మినా కాసేపటికే మళ్లీ చేదు! కొత్తగా ఊరే ఉమ్మిలోనే మందు ఉంటోంది కదా. మందు మార్చమందామన్నా, ఈ జబ్బుకు తరచూ వాడే మెట్రోనిడజోల్‌దీ ఇనుము నాకినట్టుండే రుచే. మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి ఇలాంటి రుచే తెస్తుంది గానీ అది ఎక్కువగా మొదటి వారాల్లోనే. ఏడాదిగా వాడుతున్నామెకు ఇప్పుడు కొత్తగా వచ్చిందంటే అనుమానం ముందు కొత్త మందు మీదికే పోవాలి.

అంటే ఆమెకు మందు పడకపోవడం కాదు, ఇది ఆ మందుకు తెలిసిన గుణమే. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే అది పడకపోవడం. ఆరోరోజున ఆపేయడంలోనే అసలు చిక్కుంది. సగంలో ఆపితే క్రిమి పూర్తిగా చావదు, మిగిలినది ఆ మందుకు లొంగకుండా పోవచ్చు. ఇప్పుడు మిగిలిన బిళ్లల్ని సొంతంగా మళ్లీ మొదలుపెట్టకూడదు. ఏ రోజున ఆపిందో డాక్టరుకు చెప్తే మొదటినుంచి ఏ మందులు ఇవ్వాలో ఆయన చూస్తారు. కోర్సు ముగిశాక కనీసం 4 వారాలకు, ఆమ్లం తగ్గించే బిళ్ల 2 వారాలు ఆపి, మలంతో గానీ శ్వాసతో గానీ చేసే పరీక్షలో క్రిమి పోయిందో లేదో తెలుస్తుంది. ఈసారి చేదు వచ్చినప్పుడు గ్లాసు నీళ్లలో అరచెంచా తినే సోడా కలిపి పుక్కిలించి ఉమ్మేస్తే కాస్త ఊరట. మింగకూడదు.

ఇక తెల్లవారి చేదు. కోతల రోజుల్లో ఆమె ఇంటికొచ్చి, వండి, రాత్రి పదింటికి తిని వెంటనే పడుకుంటుందని కోడలు రాసింది. పడుకున్నప్పుడు కడుపులోది పైకి ఎగదన్నడం తేలిక. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, మింగడమూ తగ్గుతుంది, కాబట్టి పైకొచ్చిన ఆమ్లాన్ని కడిగేది ఉండదు. ఆమ్లమొక్కటే అయితే పులుపు, పైత్యరసమూ కలిస్తే చేదు. గుంటూరు కారం మీదికి నేరం నెట్టడం అందరికీ సులువే గానీ, కారం పుట్టించేది మంట, చేదు కాదు. తిన్నాక మంట పెరుగుతుంటే తగ్గించుకోవాలి, అంతే. అంతకన్నా పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం ముఖ్యం. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల చెక్కలు పెట్టాలి. దిండ్లు పేర్చితే నడుము మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది.

లివరు భయానికి గుర్తులు వేరు. కామెర్లలో నోటిచేదుతోపాటు కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురురంగులో వస్తుంది. ఆమెకు ఇవేమీ ఉన్నట్టు కోడలు రాయలేదు. అయితే నడుంనొప్పికి ఊళ్లో డాక్టరు దగ్గర తరచూ నొప్పి బిళ్లలు తీసుకుంటుందన్న మాట ఉత్తరం చివర్లో ఉంది. షుగరున్నవాళ్లకు ఈ బిళ్లలు మూత్రపిండాలకు చేటు. అవి బాగా దెబ్బతింటే రక్తంలో యూరియా పెరిగి లాలాజలంలోకి వస్తుంది, నోట్లోని బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. అప్పుడు లోహపు రుచి ఏ వేళకూ వదలదు, ఆకలి చస్తుంది, కాళ్లు వాస్తాయి. ఇప్పుడు ఆ సూచనలు లేకపోయినా, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు అడిగి చేయించాలి. మెట్‌ఫార్మిన్ మోతాదు సరిపోతుందో లేదో కూడా క్రియాటినిన్‌ను బట్టే తేలుతుంది. వెళ్లేటప్పుడు నొప్పి బిళ్లల ఖాళీ అట్టలతో సహా అన్ని మందులూ సంచిలో వేసుకెళ్లాలి. మింగుడు పడకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా కోతలు అయ్యేదాకా ఆగకుండా వెంటనే వెళ్లాలి.