రాజీనామా వెనక్కి: మాట చాలదు, కాగితం కావాలి

ప్రశ్న: ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్‌ని. నెల నోటీసుతో రాజీనామా ఇచ్చాను. మేనేజర్ గారు మళ్లీ ఆలోచించుకోమంటే సరేనన్నాను. మాట చాలదా?
– ఒక పాఠకురాలు, గుణదల

జవాబు: చాలదండీ. నోటీసు గడువు ముగిసేలోపే లేఖ ఇవ్వండి. రాజీనామా తేదీ, మేనేజర్ ఆలోచించుకోమన్న తేదీ రాసి, రాజీనామాను పూర్తిగా ఉపసంహరించుకుంటున్నానని, సర్వీసు విరామం లేకుండా కొనసాగించాలని కోరండి. నకలుపై ముద్ర, తేదీ వేయించుకోండి. అంగీకారం లిఖితపూర్వకంగా వచ్చేదాకా రోజూ డ్యూటీకి వెళ్లండి, హాజరు నమోదు చేయించుకోండి.

ఈ హాజరు ఎందుకంత ముఖ్యమో కొంకణ్ రైల్వే ఉద్యోగి కేసు చూపిస్తుంది. ఆయన 2013 డిసెంబరులో రాజీనామా చేశారు. 2014 ఏప్రిల్‌లో ఆమోదించామని సంస్థ వాదించింది. కానీ మే నెలలో డ్యూటీకి రమ్మని పిలిచిందీ ఆ సంస్థే. ఆయన వెళ్లారు, మే 26న ఉపసంహరణ లేఖ ఇచ్చారు. అయినా జులై 1న రిలీవ్ చేశారు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆమోదాన్ని అంతర్గత లేఖగానే చూసి, ఉద్యోగం తిరిగి ఇమ్మంది. బయట ఉన్న కాలానికి సగం జీతమే దక్కింది.

అది ప్రభుత్వరంగ సంస్థ. ప్రైవేటులో కోర్టు ద్వారా ఉద్యోగం తిరిగి పొందడం చాలా కష్టం. అందుకే ఆమోదలేఖ మీ చేతికి రాకముందే కదలండి. హెచ్‌ఆర్ వాళ్లు మీ రిలీవింగ్ తేదీని తొలగించారో లేదో కూడా అడిగి తెలుసుకోండి. అది మిగిలిపోతే జీతం ఆగవచ్చు, పీఎఫ్‌లో మీరు మానేసినట్టు నమోదు కావచ్చు.