సీఆర్‌పీ రిపోర్టు చదవాలంటే ముందు గడియారం చూడాలి

డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థిని ఒకే ప్రశ్న అడగమంటే నేను అడిగేది ఇది: ‘జ్వరం మొదలైన నాలుగు గంటలకే రక్తం ఇచ్చారు. సీఆర్‌పీ దాదాపు నార్మల్‌గా ఉంది. ఇన్‌ఫెక్షన్ లేనట్టేనా?’ డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ, బీఫార్మసీ చదివినవాళ్లలో చాలామందికి వాపు లక్షణాలు వరసగా అప్పజెప్పడం వచ్చు. ఏది ఏ గంటకు మొదలవుతుందో అడిగితే తడబడతారు. ఈ ప్రశ్నకు జవాబు ఆ గంటల్లోనే ఉంది.

హైదరాబాద్ శివారు నారపల్లి చుట్టుపక్కల ఎటు చూసినా ఇళ్లు లేస్తూనే ఉన్నాయి కాబట్టి ఉదాహరణను అక్కడే అనుకుందాం. సోమవారం ఉదయం 10 గంటలకు సెంట్రింగ్ పనిచేసే ఒకాయన అరికాల్లో తుప్పు మేకు దిగింది. మేకు పీకేసి, పసుపు అద్దుకుని మళ్లీ పనిలోకి వెళ్లాడు.

గాయమైన చోట సన్నటి ధమనులు మొదట కొన్ని సెకన్లు ముడుచుకుంటాయి. ఆ వెంటనే విప్పారతాయి. కణజాలంలో కాపు కాసే మాస్ట్ కణాలు హిస్టమిన్ వదులుతాయి, కాసేపటికి ప్రోస్టాగ్లాండిన్లు, నైట్రిక్ ఆక్సైడ్ తోడవుతాయి. రక్తం ఎక్కువగా వచ్చి చేరడంతో ఆ చోటు ఎర్రబడి వేడెక్కుతుంది. అదే సమయంలో కేశనాళికల తర్వాత వచ్చే చిన్న సిరల గోడల్లో కణాల మధ్య సందులు పడి, ప్రొటీన్లతో కూడిన ద్రవం బయటికి కారుతుంది. అదే వాపు. సాయంత్రానికి ఆయన కాలు చెప్పులో పట్టకపోవడానికి కారణం ఇదే. ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికినిన్ నరాల కొసలను రేపడం వల్ల సలుపు పుడుతుంది.

ద్రవం బయటికి పోయేసరికి లోపల రక్తం చిక్కబడి నెమ్మదిస్తుంది. న్యూట్రోఫిల్స్‌కు దారి దొరికేది ఇక్కడే. వేగంగా పారే రక్తంలో అవి గోడను పట్టుకోలేవు. ప్రవాహం మందగించాక అంచులకు చేరి, సెలెక్టిన్ల మీద పట్టు దొరికించుకుంటూ, జారుతూ దొర్లుతాయి. తర్వాత ఇంటిగ్రిన్లు ఐసీఏఎం-1 అనే అణువును గట్టిగా పట్టుకోవడంతో కణం ఆగుతుంది, ఆగినచోట గోడ కణాల సందులోంచి దూరి బయటపడుతుంది. బయట దాన్ని మేకు దిగిన చోటికి నడిపించేవి ఐఎల్-8, సీ5ఏ, బ్యాక్టీరియా సొంత పెప్టైడ్లు. మొదటి 6 నుంచి 24 గంటలు వీటిదే రాజ్యం. ఆ తర్వాత మోనోసైట్లు వచ్చి చేరతాయి. చచ్చిన న్యూట్రోఫిల్స్, సూక్ష్మజీవులు, కరిగిన కణజాలం కలిస్తే చీము.

మంగళవారం మధ్యాహ్నం 2 గంటలకు ఆయనకు వణుకుతో జ్వరం వచ్చింది, గజ్జలో బిళ్ల కట్టింది. గాయం దగ్గరి మాక్రోఫేజ్‌లు వదిలిన ఐఎల్-1, టీఎన్ఎఫ్, ఐఎల్-6 రక్తంలో కలిసి మెదడులోని హైపోథాలమస్ దాకా ప్రభావం చూపాయి. అక్కడ ప్రోస్టాగ్లాండిన్ ఈ2 తయారై, ఒంటి వేడి ఎంత ఉండాలన్న నిర్ణయాన్ని 37 డిగ్రీల నుంచి పైకి జరిపింది. ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉంది కాబట్టి మెదడు దాన్ని చల్లగా ఉన్నట్టు లెక్కగట్టి కండరాలను వణికిస్తుంది. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తుంది, జ్వరం దిగుతుంది. గాయంలోని బ్యాక్టీరియాను మాత్రం అది ముట్టుకోదు, సీఆర్‌పీనీ తగ్గించదు. అందుకే టెంపరేచర్ నార్మల్‌గా ఉన్నా సీఆర్‌పీ ఎక్కువగా కనిపించడంలో వైరుధ్యమేమీ లేదు.

సీఆర్‌పీ గాయం దగ్గర పుట్టదు. ఐఎల్-6 ఆదేశం మీద కాలేయం తయారుచేస్తుంది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల సీరంలో దీన్ని గుర్తించారు. న్యుమోకాకస్ బ్యాక్టీరియాలోని సీ-పాలిశాకరైడ్‌తో కలిస్తే అది అవక్షేపంగా దిగేది కాబట్టి ఆ పేరు. ఆదేశం అందాక రక్తంలో కనిపించేంతగా పెరగడానికి సుమారు 6 గంటలు, శిఖరానికి చేరడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. రక్తంలో ఉన్న సీఆర్‌పీ సగానికి తగ్గడానికి 19 గంటలు కావాలి. ఆరోగ్యంగా ఉన్నా, జబ్బుగా ఉన్నా ఆ 19 గంటలు మారవు. కాబట్టి రిపోర్టులోని అంకె కాలేయం ఎంత వేగంగా తయారుచేస్తోందో చెబుతుంది.

ఇప్పుడు ఆయన రిపోర్టులు చూద్దాం. చిన్న ల్యాబ్ కాబట్టి లేటెక్స్ స్లైడ్ పరీక్ష అనుకుందాం. సీరం ఒక చుక్క, రీఏజెంట్ ఒక చుక్క కలిపి, స్లైడ్‌ను 2 నిమిషాలు ఊపి, గుంపులు కట్టాయేమో చూస్తారు. లీటరుకు 6 మిల్లీగ్రాముల దగ్గర పాజిటివ్ చూపే కిట్ అయితే, సీరంను రెట్టింపు చొప్పున పలుచన చేస్తూ చివరిగా పాజిటివ్ వచ్చిన పలుచనను 6తో గుణిస్తే అంచనా దొరుకుతుంది.

మంగళవారం సాయంత్రం 6 గంటలకు తెల్లకణాలు 14,800, అందులో న్యూట్రోఫిల్స్ 84 శాతం. సీఆర్‌పీ మాత్రం పలుచన చేయని సీరంలోనే లీలగా పాజిటివ్, అంటే 6. న్యూట్రోఫిల్స్ ఎముక మజ్జలో సిద్ధంగా నిల్వ ఉంటాయి, పిలుపు రాగానే వస్తాయి. సీఆర్‌పీని కొత్తగా తయారుచేయాలి. ఆ రాత్రే యాంటీబయాటిక్ మొదలైంది. బుధవారం మధ్యాహ్నం చీము తీశారు, సాయంత్రానికి జ్వరం తగ్గింది. కానీ సీఆర్‌పీ 1:16 దాకా పాజిటివ్, అంటే 96. ‘మందు పనిచేయట్లేదు’ అని ఇంటివాళ్లు కంగారుపడేది ఇక్కడే. గురువారం మళ్లీ 96. శుక్రవారం 48, శనివారం 24. తయారీ దాదాపు ఆగిందనీ, ఉన్నది సహజంగా కరుగుతోందనీ ఈ దిగుదల చెబుతోంది. శుక్రవారం కూడా 96 దగ్గరే నిలిచి ఉంటే లోపల ఇంకా చీము మిగిలిందేమో, మేకు ముక్క ఉండిపోయిందేమో డాక్టర్ వెతకాలి.

పరీక్ష తప్పుదారి పట్టించే సందర్భాలూ తెలిసి ఉండాలి. సీఆర్‌పీ మరీ ఎక్కువైతే లేటెక్స్ కణాలు ఒకదానికొకటి అతుక్కోలేక నెగెటివ్‌గా కనిపించవచ్చు. రోగి స్థితికీ ఫలితానికీ పొంతన లేకపోతే సీరం పలుచన చేసి మళ్లీ చూడాలి. 2 నిమిషాలు దాటాక చదివితే చుక్క ఆరిపోయి లేని గుంపులు కనిపిస్తాయి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉన్నవాళ్లలోనూ తప్పుడు పాజిటివ్ రావచ్చు. ఒక ల్యాబ్ లీటరుకు, మరో ల్యాబ్ డెసిలీటరుకు లెక్క ఇస్తే పది రెట్ల తేడా. రెండు రిపోర్టులు పోల్చేముందు అంకె పక్కనున్న యూనిట్ చూడండి.

కోవిడ్ కాలంలో వాడిన టోసిలిజుమాబ్ ఐఎల్-6 గ్రాహకాన్నే మూసేస్తుంది. ఆ మందు తీసుకున్నవారిలో కొత్తగా బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ వచ్చినా సీఆర్‌పీ తక్కువగానే ఉండవచ్చు. కాలేయం బాగా దెబ్బతిన్నవారిలోనూ అంతే. ఆ అంకెను చూసి ధైర్యం చెప్పకూడదు.

ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎంఎల్‌టీతో వచ్చేవాళ్లు మెషిన్ ఇచ్చే కౌంట్ దగ్గరే ఆగకుండా లీష్మన్ స్టెయిన్ వేసి స్లైడ్ చదవడం నేర్చుకోవాలి. మజ్జ తొందరపడి పంపిన పసి న్యూట్రోఫిల్స్‌ను, అంటే బ్యాండ్ కణాలను, చిన్న త్రీ-పార్ట్ ఎనలైజర్లు విడిగా లెక్కపెట్టవు. బీఫార్మసీవాళ్లు క్యారజీనన్‌తో ఎలుక పాదంలో వాపు తెప్పించి మందును పరీక్షించే పద్ధతిని గంటలవారీగా చదవాలి. మొదట హిస్టమిన్, సెరటోనిన్, సుమారు మూడో గంటకు ప్రోస్టాగ్లాండిన్ ప్రధానమవుతాయి. మందు ఏ గంటలో వాపు తగ్గించిందో చూస్తే అది ఎక్కడ పనిచేస్తోందో ఊహించవచ్చు. పరిశోధనవైపు మనసుంటే ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్-నెట్‌లో జేఆర్ఎఫ్ తెచ్చుకోండి. నారపల్లి నుంచి నగరం వైపు వెళితే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, దాటితే హబ్సిగూడలో సీసీఎంబీ ఉన్నాయి. ఇక ల్యాబ్‌లో చేరిన మొదటి రోజు నుంచే శాంపిల్ తీసిన తేదీతో పాటు సమయాన్నీ, జ్వరం ఎప్పుడు మొదలైందన్న రోగి మాటనూ ఫారం మీద రాయండి.