ఫాంటసీ సిరీస్‌కు బడి కడుతున్నారా? ముందు కట్టుబాటు రాయండి

టీనేజీ పాఠకుల కోసం ఫాంటసీ రాయాలనుకునే కుర్రకారు చాలామంది ముందుగా మంత్రాల జాబితా రాసుకుంటారు. కథ రెండో పుస్తకానికి వచ్చేసరికి ఆ జాబితా అయిపోతుంది. హాస్టల్ బడిలో జరిగే సిరీస్‌ని చివరిదాకా లాక్కెళ్లేవి ఆ బడి కట్టుబాట్లే. నవల రాసినా, ఆడియో కథ రాసినా, వెబ్ సిరీస్ లేదా గేమ్ రాసినా ఈ పనితనం అవసరం.

నమూనా వలసపల్లెలో ఉంది

మదనపల్లె దగ్గర వలసపల్లెలో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. పరీక్ష రాసి 6వ తరగతిలో చేరాలి. కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలవి. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌస్‌లు. నవోదయల్లో ఇంకో నియమం ఉంది: 9వ తరగతిలో సుమారు 30 శాతం మంది వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు వెళ్లి చదవాలి.

రచయిత పట్టుకోవాల్సింది ఈ చివరి నియమాన్ని. దేశంలోని పిల్లలు ఒకరి భాష ఒకరు తెలుసుకోవాలన్నది దాని ఉద్దేశం. కానీ పద్నాలుగేళ్ల పిల్లకు అది స్నేహితులను వదిలి వెళ్లడం. దుర్మార్గుడు పెట్టిన నియమమైతే వాడు ఓడిన రోజే కథ ముగిసిపోతుంది. మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం ఎవరినో ఒకరిని నొప్పిస్తుంటే, రెండు పక్షాల్లోనూ న్యాయం ఉంటుంది. అందుకే అది మూడు పుస్తకాలకు సరిపోతుంది.

ఒక బడి కట్టి చూద్దాం

హార్స్‌లీ కొండకు ఏనుగు మల్లమ్మ కొండ అని పాత పేరు. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే అమ్మాయి అక్కడ ఉండేదని స్థానిక కథ. మన ఊహా గురుకులాన్ని అక్కడ పెడదాం. అక్కడి పిల్లలు తాకితే జ్వరం దిగుతుంది, మూర్ఛ ఆగుతుంది. ఆ శక్తి కొండ పొలిమేర లోపలే పనిచేస్తుంది. ఈ పొలిమేర ఆలోచనకు మూలం తిరుపతి గంగమ్మ జాతరలోనే దొరుకుతుంది: చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బస చేయకూడదన్నది అక్కడి ఆచారం.

ఇప్పుడు నవోదయ నియమం కలపండి. 9వ తరగతిలో మూడోవంతు పిల్లలు చీటీల్లో పేరొస్తే ఏడాదిపాటు వేరే కొండ బడికి వెళ్లాలి. తిరిగొస్తే శక్తి వస్తుందని బడి చెబుతుంది. అందరి శక్తినీ కొండ ఒకేసారి మోయలేదన్నది అసలు కారణం. కొందరికి శక్తి తిరిగి రాలేదన్న సంగతి ప్రిన్సిపాల్‌కు మాత్రమే తెలుసు.

కథానాయిక తల్లి టమోటా తోటల్లో కూలికి పోతుంది. మూర్ఛ వచ్చే తమ్ముణ్ణి ప్రతి నెలా పేరెంట్స్ డే నాడు పొలిమేర రాయి దగ్గరికి ఎత్తుకొస్తుంది. చీటీలో ఈ పిల్ల పేరు వచ్చింది. వెళితే తమ్ముడికి దిక్కెవరు? వెళ్లకపోతే ఆమె బదులు పక్క మంచం స్నేహితురాలు వెళ్లాలి.

గంటల పట్టికలో సందు వెతకండి

తెల్లవారుజామున ఐదు గంటల బెల్లు నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా ఒక రోజు టైం టేబుల్ రాయండి. ప్రతి గంటకూ ఎవరు కాపలా ఉంటారో పక్కన రాయండి. ఆటలు అయ్యాక స్టడీ అవర్ మొదలయ్యేలోపు అరగంట ఎవరి కళ్లూ ఉండవు. కథ ఆ సందులోంచే బయటికి వెళుతుంది. నాయిక అలా జారుకున్న రోజు రోల్ కాల్‌లో వార్డెన్ మేడమ్ ఆమె పేరు పిలిచింది. పలుకు లేదు. మళ్లీ పిలిచింది. "బాత్రూంకి పొయ్యుంది మేడమ్," అంది పక్క మంచం పిల్ల, ఆమె బదులు తనే వెళ్లాల్సి రావచ్చని తెలిసి కూడా. ఆ ఒక్క అబద్ధంతో నియమం, స్నేహం, ప్రమాదం మూడూ పాఠకుడికి అందాయి.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం

మంత్రం మొత్తం తీసేసి కథను నాలుగు వాక్యాల్లో చెప్పి చూడండి. అప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి పోగొట్టుకుంటుంటే కట్టుబాటు గట్టిది. నాయిక పొలిమేర దాటినా ఏమీ కాకపోతే, ఇంకొకరు దాటినప్పుడు మాత్రం శిక్ష పడితే, పాఠకుడు నమ్మకం వదిలేస్తాడు. మెస్‌లో సంగటి, చెనిక్కాయల ఊరిబిండి బదులు విదేశీ విందులు, నల్ల గౌన్లు కనిపిస్తే మీరు వేరొకరి బడిలో తిరుగుతున్నట్టే.

చేతిలో ఉండాల్సినవి

పది పేజీల సిరీస్ బైబిల్ తయారు చేసుకోండి. అందులో ఒక పటం, ఒక టైం టేబుల్, ఐదు నియమాలు చాలు. ప్రతి నియమం కింద బడి చెప్పే కారణం, అసలు కారణం, ముందుగా ఉల్లంఘించినవాళ్లు, వాళ్లు చెల్లించిన మూల్యం రాయండి. దానికి మొదటి అధ్యాయం జోడించండి. తెలుగులో ఈ రచనకు నెల జీతం అరుదు. కాబట్టి ప్రతిలిపి వంటి వేదికపై ధారావాహికగా మొదలుపెట్టి, ఏ అధ్యాయం దగ్గర పాఠకులు ఆగిపోతున్నారో గమనించండి. ఆడియో సంస్థకో గేమ్ స్టూడియోకో రచయితగా దరఖాస్తు చేసేటప్పుడు ఈ బైబిల్‌నీ ఆ అధ్యాయాన్నీ కలిపి పంపండి.