చెక్కు నంబర్ల మధ్య ఖాళీ

ప్రశ్న: సీఏ ఆర్టికల్‌షిప్‌లో ఉన్నాను. క్లయింటు బ్యాంకు బుక్కులో 412వ చెక్కు తర్వాత నేరుగా 415 ఉంది. అకౌంటెంటు "అవి క్యాన్సిల్ అయ్యాయమ్మా" అన్నారు. వదిలేయవచ్చా?

జవాబు: వదలకండి. అలాగని అప్పుడే దొంగతనమనీ అనుకోకండి. క్యాన్సిలైతే ఆ కాగితం ఉండాలి కదా, చూపించమనండి.

మా ఆఫీసులో ఒకమ్మాయికి ఇదే ఎదురైంది. ఆమె చెక్కుబుక్కే తెప్పించింది. బుక్కులో లేని రెండు చెక్కుల్లో ఒకటి అడ్డంగా గీత కొట్టి, కౌంటర్‌ఫాయిల్‌కు పిన్ను చేసి ఉంది. రెండోదాని చోట మాత్రం ఖాళీ కౌంటర్‌ఫాయిలే మిగిలింది. క్లయింటు ఇచ్చిన ప్రింటును నమ్మకుండా స్టేట్‌మెంటు నేరుగా బ్యాంకు నుంచి తెప్పించాం. ఆ రెండో చెక్కు మార్చి 27న సెల్ఫ్ చెక్కుగా నగదైంది, 40,000 రూపాయలు.

మరి బ్యాంకు రీకన్సిలియేషన్ ఎలా సరిపోయింది? "డిపాజిట్ చేసినా ఇంకా జమకాని చెక్కులు" అన్న చోట లేని చెక్కు ఒకటి, సరిగ్గా 40,000కే, రాసి పెట్టారు. ఏప్రిల్ స్టేట్‌మెంటులో ఆ జమ ఎంత వెతికినా లేదు. గుట్టు అక్కడే బయటపడింది.

స్టేట్‌మెంటులో చెక్కు కనబడకపోయినా పని అయిపోదు. సంతకం చేసిన ఖాళీ చెక్కును ఎవరికో హామీగా ఇచ్చి ఉండొచ్చు. చిన్న కంపెనీల్లో ఇది మామూలే. చెక్కు పోయిందంటే, బ్యాంకుకిచ్చిన స్టాప్ పేమెంట్ లేఖ అడగండి. చూసినదంతా వర్కింగ్ పేపర్లో రాసి, అకౌంటెంటుతో వాదన పెట్టుకోకుండా మీ సీనియర్‌కు ఇవ్వండి.