ఈదుకుంటూ రమ్మన్న తర్వాత

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచెత్తింది. ఆ ఏరు చివరికి చేరేది కొల్లేటికే. విజయవాడ వీధుల్లో నీళ్ళు తీస్తున్న రోజుల్లోనే కొల్లేరు పెరుగుతూ వచ్చింది. సరస్సులోకి నీళ్ళు తెచ్చే ఏర్లు, కాలువలు చాలా ఉన్నాయి గానీ సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరే. అందుకే అక్కడ వరద ఒక పూటలో వచ్చి పోయేది కాదు, రోజుల తరబడి నిలబడుతుంది. రోడ్డెక్కిన నీళ్ళతో ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలు ఆగాయి. లంక ఊళ్ళ వాళ్ళు సామాన్లు మంచాల మీదికి ఎక్కించుకుని కూర్చున్నారు.

అలాంటి ఒక ఉదయాన్ని ఊహించండి. ఏలూరులో చేపల మేత అమ్మే ఒక డీలరు ఆఫీసు. వాళ్ళకొక వాట్సాప్ గ్రూపు. స్టాకు లెక్కలు చూసే అమ్మాయిది కొల్లేటి లంక ఊరు. "సార్, మా ఊరి రోడ్డు మునిగింది. ఇంట్లోకి కూడా నీళ్ళొచ్చాయి. ఇవాళ రాలేను" అని పెట్టింది. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చే సీనియర్ ఒకాయన ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాడు. "మీరు కొల్లేటోళ్ళు కదండీ, రోడ్డెందుకు, ఈదుకుంటూ వచ్చేయండి" అని కొట్టి, రైలెక్కేశాడు. నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. అమ్మాయి ఏమీ అనలేదు. మర్నాడు సెలవు సంగతి గ్రూపులో పెట్టకుండా నేరుగా మేనేజరుకు మెసేజ్ చేసింది. దెబ్బ తగిలిందని చెప్పే గుర్తు అదే. రోజూ గ్రూపులో రాసే మనిషి అక్కడ రాయడం మానేస్తుంది.

ఆయన చెడ్డవాడేం కాదు. గోదావరి జిల్లాల్లో వెటకారం ఆప్యాయతకు ఒక రూపం. ఎదురుగా ఉండి అదే మాట అని ఉంటే, చివర సాగదీసిన 'అండీ'లో, కళ్ళల్లో, ఆ వెంటనే "ఇంట్లో అందరూ క్షేమమేనామ్మా?" అనే ప్రశ్నలో దాని విషం విరిగిపోయేది. ఫోను తెర మీద అవేవీ ఉండవు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు తమ సహచరులతో కలిసి ప్రచురించిన ఒక అధ్యయనం ఈ సంగతినే పరీక్షించింది. వెటకారంగా కొన్ని, మామూలుగా కొన్ని వాక్యాలను ఈమెయిల్లో పంపించారు. చదివేవాళ్ళు దాదాపు 78 శాతం సార్లు సరిగ్గా పోల్చుకుంటారని పంపినవాళ్ళు అనుకున్నారు. నిజానికి పోల్చుకున్నది 56 శాతం సార్లే. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా యాభై శాతం వస్తుంది. రాసేవాడికి తన గొంతు తన చెవిలో వినిపిస్తూ ఉంటుంది. చదివేవాళ్ళకు అక్షరాలే చేరతాయి.

కానీ ఇక్కడ అర్థం కాకపోవడం ఒక్కటే ఇబ్బంది కాదు. ఆ అమ్మాయికి అది జోకని తెలుసు. తన ఇంట్లో నీళ్ళున్న రోజున, తన ఊరినీ పుట్టుకనూ పట్టుకుని పదిమంది ముందు నవ్వారన్నదే ఆమెను కోసింది. క్షమాపణ ఈ తేడా మీదే నిలబడుతుంది, లేదా పడిపోతుంది. "సరదాకి అన్నానమ్మా, తప్పుగా అనుకోకండి" అంటే ఆమెకు అర్థం చేసుకోవడం రాలేదని చెప్పినట్టు. "ఎవరినైనా నొప్పించి ఉంటే సారీ" అంటే నొచ్చుకున్నది ఎవరో తనకింకా తెలియదని చెప్పినట్టు. ఈ రెండూ వినడానికి మర్యాదగానే ఉంటాయి, కానీ తప్పును అవతలి మనిషి ఒళ్ళో పెట్టి వస్తాయి.

ఆయన రాయవలసింది ఇంతే: "అమ్మా, మీ ఇంట్లోకి నీళ్ళొచ్చాయని చెబితే ఈదుకుంటూ రమ్మన్నాను. కష్టంలో ఉన్న మీ ఊరి మీద జోకు వేశాను. తప్పు నాది. సారీ. ఈ వారం స్టాకు లెక్కలు నేను రాస్తాను, మీరు ఇల్లు చూసుకోండి."

ఇందులో మొదటి రెండు వాక్యాలే అసలు పని చేస్తాయి. ఏం అన్నాడో, అది ఎందుకు తప్పో తన నోటితోనే చెప్పాడు. ఆమె మళ్ళీ వివరించాల్సిన అవసరం లేదు. 2016లో రాయ్ లెవిక్కీ, మరో ఇద్దరు కలిసి, క్షమాపణలో ఉండే ఆరు అంశాలను విడదీసి వందలమంది చేత తూకం వేయించారు. తప్పు నాదని ఒప్పుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ విలువ దక్కింది. జరిగిన నష్టాన్ని సరిచేస్తాననడం దాని తర్వాత నిలిచింది. మన్నించమని అడగడం చిట్టచివరన ఉంది. నాకది సబబుగానే తోస్తుంది. మన్నించమని గ్రూపులో అడిగితే పదిమంది ఆమె జవాబు కోసం చూస్తారు. నీళ్ళల్లో ఉన్న మనిషి మీద ఆ బరువెందుకు? స్టాకు లెక్కల సంగతి చిన్నదే, కానీ చేయగలిగినది. "ఏ సాయం కావాలన్నా అడగమ్మా" అన్నదానికంటే వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే ఆమె అడగక్కర్లేదు.

అదే గ్రూపులో, అదే మెసేజ్‌కు జవాబుగా పెట్టాలి. నవ్వింది అక్కడ గనుక వెనక్కి తీసుకోవలసింది కూడా అక్కడే. ముందుగా జోకును తుడిచేసి ఊరుకుంటే, తొలగించిన సందేశం అన్న గుర్తు మాత్రం మిగులుతుంది. చూసినవాళ్ళు ఎలాగూ చూశారు, ఇక దాచుకున్నట్టే కనిపిస్తుంది. క్షమాపణ చెప్పాక, ఆమె తీసేయమంటే తీసేయాలి. ఒక్క మినహాయింపు ఉంది. జోకు ఆమె ఒంటి గురించో, పెళ్ళి గురించో, కులం గురించో అయితే ఆ మాటను గ్రూపులో మళ్ళీ ఉచ్చరించకూడదు. "నిన్న నేనన్న మాట అనకూడనిది, తప్పు నాది" అని అక్కడ ఆపి, మిగతాది ఆమెతో విడిగా చెప్పాలి. లంక ఊళ్ళ మీద వేసే జోకుల్లో కులం వాసన ఉండే అవకాశం ఎక్కువ. రాసేముందు ఆ సంగతి ఒకసారి చూసుకోవాలి.

నిజంగా బాధపడేవాళ్ళే ఎక్కువగా పాడుచేసేది పొడవు విషయంలో. రాత్రంతా నిద్ర పట్టలేదనీ, తనకూ ఆడపిల్లలున్నారనీ, కొల్లేటి వాళ్ళంటే తనకెంతో గౌరవమనీ, పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు ఏటా వెళతాననీ రాసుకుంటూ పోతారు. అబద్ధాలేమీ కాకపోవచ్చు. కానీ నాలుగో వాక్యం దాటేసరికి కథ ఆయనదైపోతుంది. ఇక ఆయన్ని ఓదార్చడం ఆమె పని అవుతుంది. గౌరవం ఉందని చెప్పుకోవడం కన్నా, రాసి పంపిన లెక్కలు ఎక్కువ చెబుతాయి.

ఆమె నుంచి బహుశా "పర్లేదు సార్" అని వస్తుంది. దాన్ని తీరిపోయిందనడానికి రసీదుగా తీసుకోకూడదు. ఆఫీసులో చిన్న ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు పెద్దవాళ్ళతో అనడానికి దొరికే జవాబు అదొక్కటే. దానికి దండం బొమ్మ పెట్టి మళ్ళీ మాట పెంచడం అనవసరం. ఆమె ఆఫీసుకు వచ్చిన రోజున "ఇంట్లో నీళ్ళు తీశాయామ్మా?" అని అడిగి, చెప్పింది వినాలి. జోకు సంగతి ఆమె ఎత్తితేనే ఎత్తాలి. ఆమె తిరిగి గ్రూపులో మామూలుగా రాయడం మొదలుపెట్టిందా లేదా అన్నది కొన్ని వారాలు గమనిస్తూ ఉంటే, జవాబు దానంతట అదే తెలుస్తుంది.

ఇంకొక పని ఆయనకు మాత్రమే సాధ్యం. మళ్ళీ వానాకాలం వస్తుంది, ఎవరో ఒకరు "ఏమ్మా, ఈతకు రెడీయేనా?" అంటారు. ఆ మాటను మొదట పుట్టించింది ఆయన కాబట్టి ఆమె కంటే ముందు ఆయనే బదులివ్వాలి. "అది నేనన్న జోకండీ, బాలేదు. ఇక వదిలేయండి" అంటే సరిపోతుంది.