బొల్లారం రాష్ట్రపతి నిలయానికి పిల్లల్ని తీసుకెళ్తున్నారా? "నీటి ప్రయాణం" పాఠం ఇలా ప్లాన్ చేసుకోండి

బడి పిల్లలను తోట చూపించడానికి తీసుకెళ్లే టీచర్ల కోసం ఈ పాఠం. వీడియో చూశాక, బయల్దేరే ముందు దీన్ని ఒకసారి నిదానంగా చదవండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సరిపోతుంది.

సికింద్రాబాద్ బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 1860లో కట్టిన భవనం. 1950 నుంచి కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది. మొత్తం 90 ఎకరాల ఆవరణ. ఇంతకు ముందు ఏడాదిలో కొద్ది రోజులే జనాన్ని లోపలికి రానిచ్చేవాళ్లు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా చూడొచ్చు. మామిడి, సపోటా, ఉసిరి తోటలు, ఔషధ మొక్కల వనం, బాగుచేసిన మెట్ల బావులు, పాత నీటిపారుదల పద్ధతి అన్నీ ఒకే చోట ఉన్నాయి. అన్నీ చూపించాలనుకుంటే ఏదీ గుర్తుండదు. అందుకని ఒక్క ప్రశ్నే పట్టుకుందాం: బావిలోని నీరు చెట్టు దగ్గరికి వచ్చాక, నేలలో ఎంతసేపు నిలుస్తుంది? ఎందుకు?

వెళ్లే ముందు: బడిలో రెండు పీరియడ్లు

నిలయంలో మట్టి తవ్వడం, ఆకు కోయడం కుదరదు. కాబట్టి చేతితో చేసే పరీక్ష ముందే బడి ఆవరణలో చేయించాలి. అక్కడికి వెళ్లాక కళ్లకే పని.

15 సెంటీమీటర్ల వెడల్పున్న డబ్బా తీసుకుని రెండు వైపులా మూతలు, అడుగు తీసేయండి. అంచులు కోసుకోకుండా టేపు చుట్టండి. డబ్బాను నేలలోకి 5 సెంటీమీటర్ల లోతు దిగేలా కొట్టండి. లోపల ఒక ప్లాస్టిక్ కవరు పరిచి, అందులో 450 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కవరు మెల్లగా లాగేయండి. ఈ కొలత డబ్బాలో రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తుంది, అంటే ఒక అంగుళం వానతో సమానం. మొదటిసారి పోసింది లెక్కలోకి తీసుకోవద్దు, అది నేలను తడపడానికే. అది ఇంకాక రెండోసారి పోసి, నీళ్లు పూర్తిగా ఇంకేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాయించండి.

ఇదే పనిని రెండు చోట్ల చేయాలి. ఒకటి పిల్లలు ఆడుకునే గట్టి నేల. రెండోది ఆకులు రాలి కుళ్లిన చెట్టు నీడ. తేడా పిల్లలకే కనిపిస్తుంది. ఎక్కడైనా నీళ్లు మరీ త్వరగా మాయమైతే డబ్బా అంచు పక్క నుంచి కారుతున్నాయేమో చూడండి. బయట నేల తడిస్తే ఆ కొలత కొట్టేసి, డబ్బా జరిపి మళ్లీ చేయాలి.

ఇంటి పని ఒకటి. ఒకప్పుడు బావిలోంచి మోటతో నీళ్లు ఎలా తోడేవాళ్లో తాతనో నానమ్మనో అడిగి రమ్మనండి. ప్రతి పిల్లవాడూ తన జాన ఎన్ని సెంటీమీటర్లో కొలిచి నోటుబుక్కులో రాసుకోవాలి. అక్కడ అదే వాళ్ల స్కేలు.

టీచరు పని: visit.rashtrapatibhavan.gov.in లో వేళలు చూసి స్లాట్ బుక్ చేసుకోండి. సోమవారం సెలవు. రాష్ట్రపతి గారి దక్షిణాది విడిది ఎక్కువగా డిసెంబరులో ఉంటుంది, ఆ రోజుల్లో సందర్శకులను అనుమతించరు. వీలైతే మీరు ఒక్కరే ముందుగా వెళ్లి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నీడ ఉందో, బావికి ఎంత దూరంలో నిలబడనిస్తారో చూసి రండి.

అక్కడ: మూడు ఆగే చోట్లు

ఐదుగురికి ఒక జట్టు, జట్టుకి ఒక అట్ట, ఒక కాగితం. కాగితంలో రెండు గళ్లు: "చూసింది", "అనుకున్నది". ఈ రెండూ కలిసిపోకుండా చూడటమే ఈ రోజు అసలు పాఠం. "చెట్టు కింద నేల నల్లగా ఉంది" అనేది చూసింది. "ఆకులు కుళ్లి నల్లబడింది" అనేది అనుకున్నది.

మొదట మెట్ల బావి. కంచె ఇవతల నుంచే, నీటికి పైన కనిపించే మెట్లు లెక్కపెట్టాలి. పక్కనే ఏదైనా మెట్టు తాకే వీలుంటే దాని ఎత్తు జానతో కొలవాలి. 24 మెట్లు కనిపించి, ఒక్కో మెట్టు 20 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 480 సెంటీమీటర్లు, అంటే నీరు దాదాపు ఐదు మీటర్ల కింద ఉందన్నమాట. అక్కడి నుంచి నీటిని పైకి తేవడానికి ఎంత శ్రమో, తాత చెప్పిన మోట కథతో కలుపుకుంటారు.

రెండోది పండ్ల తోట. చెట్టు కింద నేలను పైనుంచి చూడాలి. ఎండిన ఆకు పొర ఉందా? దాని కింద సగం కుళ్లిన ముక్కలు కనిపిస్తున్నాయా? చీమలు, వానపాము విసర్జించిన మట్టి కుప్పలు ఉన్నాయా? తర్వాత జనం నడిచే బాట పక్క నేలను చూసి పోల్చాలి.

మూడోది ఔషధ వనం. ఇక్కడే పాఠం దారి తప్పుతుంది. పిల్లలు బోర్డుల మీద పేర్లు ఎక్కించుకోవడం మొదలుపెడతారు. అన్ని జట్ల కాగితాలూ ఒకేలా ఉన్నాయంటే అదే జరిగిందని అర్థం. అందుకే బోర్డు మీద జవాబు దొరకని ప్రశ్న ఇవ్వండి: "మొక్కల మొదలు దగ్గర నేల ఎక్కడ తడిగా ఉంది, ఎక్కడ పొడిగా ఉంది? రెండు చోట్లా నీడ, ఆకు కప్పు ఎలా ఉన్నాయి?" రెండు చోట్ల బొమ్మ గీస్తే చాలు.

ఒక్కో చోట ఇరవై నిమిషాలు. ఫోటోలకి చివర్లో వేరే సమయం ఇవ్వండి, లేకపోతే దృష్టంతా ఫోను మీదే.

వచ్చాక: నాలుగు వారాల పని

మర్నాడు జట్ల కాగితాలు చదివించి, "అనుకున్నది" గడిలోంచి ఒక్కటి ఎంచుకోండి. ఎక్కువగా వచ్చేది ఇదే: "ఆకులు కప్పిన నేల తొందరగా ఎండదు." నిజమో కాదో పరీక్షిద్దాం.

బడి తోటలో పక్కపక్కనే, ఒకే ఎండ పడేలా, ఒక్కో చదరపు మీటరు మడులు రెండు చేయండి. ఒకదాని మీద ఎండుటాకులు ఏడెనిమిది సెంటీమీటర్ల మందం పరవాలి. దీన్నే మనం ఆచ్ఛాదన అంటున్నాం. రెండోది ఖాళీగా ఉంచాలి. రెండింటికీ వారానికి రెండుసార్లు పదేసి లీటర్లు. అంటే ప్రతిసారీ 10 మిల్లీమీటర్ల వాన పడినట్టు.

నీళ్లు పోసిన మూడో రోజు, అరచేయి లోతు నుంచి ఒక్కో మడిలో 100 గ్రాముల మట్టి తీసి, పళ్లెంలో పలచగా పరిచి, బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. ఒకటి 88 గ్రాములకు, ఇంకోటి 94కు వచ్చిందనుకోండి. మొదటి దాంట్లో 12 గ్రాముల నీరు, రెండో దాంట్లో 6. ఎండలో ఆరిన మట్టిలో కొద్దిగా తేమ మిగులుతుంది, కానీ రెండింటినీ ఒకేలా ఎండబెట్టాం కాబట్టి పోలిక చెడదు.

ఒక మాట గుర్తుంచుకోండి. తేమ నిలవడంలో తేడా మొదటి వారాల్లోనే కనిపించొచ్చు. డబ్బా పరీక్షలో నీళ్లు ఇంకే వేగం మాత్రం నాలుగు వారాల్లో పెద్దగా మారదు. దానికి ఆకులు కుళ్లాలి, వానపాములు రావాలి, కొన్ని నెలలు పడుతుంది. "మారలేదు" అని వస్తే పిల్లలు అలాగే రాయాలి, నెంబర్లు దిద్దకూడదు. మడులు తీసేయకండి. వచ్చే వానాకాలం తర్వాత అదే డబ్బాతో, అదే 450 మిల్లీలీటర్లతో మళ్లీ కొలిపించండి.