పాలు లేని ఇంట కాల్షియం లెక్క

నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. ఆ వయసు స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. గ్లాసు పాలు ఇచ్చేది సుమారు 240. అరకు కొండల్లో ఆ గ్లాసూ అందని ఇల్లాలికి మనం లెక్క వేసి చూద్దాం.

అక్కడివారు చోళ్ళనేవి మన రాగులే. రోజుకు 150 గ్రాముల చోడిపిండి అంబలితో సుమారు 540 వస్తుంది. పిండిని రాత్రే పులియబెడితే కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేటు కొంత తగ్గుతుంది. 50 గ్రాముల మునగాకు మరో 150 ఇస్తుంది. మొత్తం 690. ముల్లుతో నమిలే ఎండు నెత్తళ్ళు, నువ్వులు మిగిలినదాంట్లో కొంత పూడుస్తాయి. రక్తపోటు ఉంటే చేపల ఉప్పు నీళ్ళలో వదిలించాలి. పాలకూరను లెక్కలో వేయకండి, అందులోని ఆక్సలేటు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఇంకా తక్కువైతే మాత్ర ఎంతో వైద్యుడే చెప్పాలి, ముఖ్యంగా మూత్రపిండాల్లో రాళ్ళున్నవారికి.